పదకొండు నెలల కాగితం

ఒకే సూపర్‌మార్కెట్ కంపెనీకి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో దుకాణాలున్నాయి. ఈ వారం ఆడిట్‌కు ఇచ్చిన లీజుల జాబితాలో మూడింటి ఎదుటా ‘స్వల్పకాలిక లీజు’ అని రాసి ఉంది. పదకొండు నెలల అగ్రిమెంట్లట! ఈ పదకొండు నెలల మీద నాకెంత కోపమో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మూలపాఠం అంటుంది; మన రాష్ట్ర సవరణ ప్రకారమైతే గడువుతో పనిలేకుండా ఏ లీజునైనా రిజిస్టర్ చేయించాలి. అయినా ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని మనవాళ్లు పాత అలవాటుగా పదకొండు నెలలకే రాసుకుంటారు. గడువు తీరితే కొత్త స్టాంపు కాగితం మీద పాత షరతులే ఎక్కిస్తారు. ఓనరు మారడు, కిరాయిదారు మారడు. మడిగె బోర్డు మీద రంగు వెలిసిపోతుంది గానీ అగ్రిమెంటు మాత్రం ఎప్పుడు చూసినా కొత్తదే.

2019 ఏప్రిల్ 1న ఇండ్ ఏఎస్ 116 వచ్చాక ఈ అలవాటుకు ఇంకో లాభం దొరికింది. లీజు 12 నెలలు మించితే, ముందుముందు కట్టాల్సిన కిరాయిని నేటి విలువకు లెక్కగట్టి అప్పుగా చూపాలి, దానికి ఎదురుగా వాడుక హక్కును ఆస్తిగా రాయాలి. మించకపోతే కిరాయిని ఖర్చులో వేసుకుని ఊరుకోవచ్చు.

నేను ముందు అగ్రిమెంటు తెరవను, స్థిరాస్తుల రిజిస్టర్ తెరుస్తాను. మహబూబాబాద్ దుకాణంలో ఫాల్స్ సీలింగు, టైల్స్, వైరింగు తరుగుదలను ఆరేళ్లకు పంచారు. పదకొండు నెలల్లో ఖాళీ చేసేవాళ్లు ఆరేళ్ల తరుగుదల ఎలా రాస్తారు? వెళ్లేటప్పుడు ర్యాకులు పట్టుకుపోవచ్చు, సీలింగు పట్టుకుపోలేరు. ఏడాదికి 6 లక్షల కిరాయి, ఆరేళ్లు, 9 శాతం వడ్డీ, ఏడాది చివర చెల్లింపు అనుకుంటే అప్పు దాదాపు 27 లక్షలవుతుంది. జాబితాలో అది సున్నా. అలాంటి దుకాణాలు వంద ఉంటే 27 కోట్లు కనబడకుండా పోయినట్టే.

తర్వాత అగ్రిమెంటు చూస్తే, ఎవరూ నోటీసివ్వకపోతే అవే షరతులతో సాగుతుందని ఉంది. ఎవరైనా ఎప్పుడైనా వదులుకోవచ్చన్నమాట. అయితే వదులుకుంటే ఇద్దరిలో ఒక్కరికైనా నామమాత్రానికి మించిన నష్టం ఉన్నంతకాలం లీజు నడుస్తున్నట్టేనని, ఆ నష్టాన్ని అగ్రిమెంటులో రాసిన జరిమానాతోనే కొలవకూడదని ఐఎఫ్ఆర్ఎస్ వ్యాఖ్యాన కమిటీ 2019 నవంబర్‌లోనే చెప్పింది. వదిలేసి పోవాల్సిన సీలింగే ఆ నష్టం. జనగామదీ ఇదే కథ. రెండింటినీ ఆరేళ్లకు మార్చమన్నాను.

అదే ఊపులో భూపాలపల్లి ఫైలు తీశాను. సీలింగు అదే, ఆరేళ్ల తరుగుదలా అదే. కానీ అగ్రిమెంటులో పొడిగింపు మాటే లేదు. గడువు తీరాక ఓనరు మళ్లీ సంతకం పెడితేనే ఉండాలి. పెట్టకపోతే అడిగే హక్కు కంపెనీకి లేదు. లేని హక్కును, సీలింగు మీద ఎంత పోసినా, ఆస్తిగా రాయలేం. కాగితాన్ని నమ్మొద్దని ఇన్నాళ్లూ ఇక్కడ రాస్తూ వచ్చిన నేను ఆ లీజును స్వల్పకాలికంగానే వదిలేశాను. ఇక్కడ తప్పింది తరుగుదల. సీలింగు, టైల్స్, వైరింగు ఖర్చును లీజు గడువులోపే రాసేయమన్నాను. జనగామ, మహబూబాబాద్ లెక్కలకు మారు మాట్లాడని అకౌంట్స్ మేనేజరు, ఈ ఒక్కదానికి మాత్రం సాయంత్రం దాకా వాదించాడు.