నలభై నిమిషాల పాఠం, అర పేజీ పట్టిక

‘ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్’ పాఠం మన కాలేజీల్లో దాదాపు ఒకే తీరున నడుస్తుంది. ముందు నిర్వచనం: గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పని. తర్వాత సూత్రం, రెండు మూడు ఉదాహరణలు, వాటిని నెగెటివ్‌గానూ ప్రశ్నగానూ మార్చడం, చివర్లో ఖాళీలు పూరించడం. పలాసలో నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలు ఆ నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్తారు. అదే పిల్లల్ని ‘పదేళ్ల నుంచి పలాసలో ఉంటున్నాం’ అన్న మాట ఇంగ్లిష్‌లో చెప్పమంటే ‘వి ఆర్ లివింగ్ ఇన్ పలాస ఫ్రమ్ టెన్ ఇయర్స్’ అంటారు.

ఇది బద్ధకం వల్ల వచ్చిన తప్పు కాదు. తెలుగులో ‘ఉంటున్నాం’ అన్న క్రియ ఇప్పటి సంగతే చెబుతుంది, వెనకటి పదేళ్ల బరువంతా ‘నుంచి’ మోస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ బరువులో సగం క్రియ మీద పడుతుంది. పిల్లవాడు తన భాష వ్యాకరణాన్ని నమ్మకంగా పాటించాడు, అంతే. ఈ వాక్యం నిన్న విన్న ఆ పాఠంలోదేనని వాడికి తోచదు. పాఠం కాలం పేరుతో మొదలైంది, వాడి అవసరమేమో తెలుగు వాక్యంతో మొదలవుతోంది. ఆ రెండూ కలిసే చోటు ఒకటి కావాలి.

అందుకే పాఠాన్ని పట్టికగా మార్చేటప్పుడు తలకట్టులో కాలం పేరు రాయను. ‘పదేళ్ల నుంచి ఉంటున్నాం, 2018 నుంచి ఉంటున్నాం’ అని తెలుగులోనే రాస్తాను. నిర్వచనం తీసేస్తాను. సూత్రంలోని ఒక్కో ముక్కా ఒక్కో నిలువు గడి అవుతుంది. ఉదాహరణలకు పుస్తకంలోని జాన్‌నీ మేరీనీ పక్కన పెట్టి ఇక్కడి పనులు తీసుకుంటాను.

| ఎవరు | సహాయక్రియ | ఏం చేస్తూ | ఎప్పట్నుంచి |
|---|---|---|---|
| మై ఫాదర్, మై సిస్టర్ | హాజ్ బీన్ | లివింగ్ ఇన్ పలాస | ఫర్ టెన్ ఇయర్స్ |
| ఐ, వి, మై పేరెంట్స్ | హావ్ బీన్ | వర్కింగ్ ఇన్ టెక్కలి | ఫర్ ఎ లాంగ్ టైమ్ |
| | | గ్రోయింగ్ కాష్యూ | సిన్స్ 2018 |
| | | | సిన్స్ ద సైక్లోన్ |

మొదటి రెండు గడులూ అడ్డంగా జతగా వెళ్తాయి, హాజ్ వరస వేరు, హావ్ వరస వేరు. మూడో గడీ నాలుగో గడీ ఎటైనా కలుస్తాయి. ఇంత చిన్న పట్టికలోంచి అరవై వాక్యాలు వస్తాయి. ‘ద సైక్లోన్’ అంటే ఏదని మా పిల్లలు అడగరు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్నీ జీడి తోటల్నీ నేలమట్టం చేసింది. కాలాన్ని ఆ తుపానుకు ముందు, తర్వాత అని లెక్కపెట్టే ఇళ్ల పిల్లలు వీళ్లు.

ఈ పద్ధతి కొత్తది కాదు. హెరాల్డ్ పామర్ 1916లోనే ఇలాంటి నూరు పట్టికలతో ఒక పుస్తకం తెచ్చాడు. వాక్యాల అచ్చుల మీద హార్న్‌బీ రాసిన పుస్తకం 1954లో వచ్చింది. ఇలాంటి పట్టికకు ప్రాణం ఒక్కటే, ఏ గడిని ఏ గడితో కలిపినా మనిషి నిజంగా అనే మాటే రావాలి. నాలుగో గడిలో ‘సిన్స్ సిక్స్ ఓక్లాక్’ చేర్చి చూడండి. మా నాన్న పొద్దున ఆరింటి నుంచి పలాసలో కాపురం ఉంటున్నట్టు వాక్యం తయారవుతుంది. ‘రెయినింగ్’ చేర్చితే మా అక్క కురుస్తుంది. గంటల లెక్కన సాగే పనులకు, వానకు వేరే పట్టికలు కావాలి. ఒక్కదాంట్లో అన్నీ కుక్కితే పిల్లలకు పట్టిక మీద నమ్మకం పోతుంది. అందుకే పిల్లలకు ఇచ్చే ముందు ప్రతి కలయికనూ పైకి చదివి చూస్తాను.

పట్టిక పక్కన తప్పులకూ ఒక గడి ఉంచుతాను, దాన్ని నింపడం అన్నిటికన్నా కష్టం. అచ్చు పుస్తకాల్లోని తప్పుల జాబితాలు నాకు పనికిరావు. పిల్లల నోట్సుల్లోంచే ఏరుకుంటాను, పక్కనే ఆ తప్పుకు కారణమైన తెలుగు వాక్యం రాస్తాను. అలా చూస్తే ‘నుంచి’ దగ్గర మూడు రకాలు తేలాయి. మొదటిది ‘ఆర్ లివింగ్’, క్రియ తెలుగు దారిలో పోవడం. రెండోది ‘ఫ్రమ్’. మూడోది ‘సిన్స్ టెన్ ఇయర్స్’. ఇది పాఠం విన్నాక పుట్టే తప్పు. ఫ్రమ్ కాదు, సిన్స్ అనాలని గుర్తు పెట్టుకున్న పిల్లవాడు ఇప్పుడు అన్నిచోట్లా సిన్సే వాడతాడు. తెలుగులో ‘2018 నుంచి’, ‘పదేళ్ల నుంచి’ ఒకే ప్రత్యయంతో సరిపోతాయి. మొదటిది పని మొదలైన చోటు, రెండోది గడిచిన పొడవు. ఇంగ్లిష్ ఆ రెంటినీ విడదీస్తుంది. అందుకని నాలుగో గడిలో ఫర్ వాక్యాలు పైన, సిన్స్ వాక్యాలు కింద, మధ్యలో ఒక గీత.

తప్పు వాక్యాల్ని మాత్రం మొదటి రోజే బోర్డు మీద రాయను. కంటికి తప్పూ ఒప్పూ ఒకేలా అంటుకుంటాయి. పట్టికలోంచి సొంతంగా నాలుగు వాక్యాలు చెప్పగలిగాకే ఆ గడి తెరుస్తాను.

ఇంకో తప్పు ఉంది, అది వ్యాకరణానికి తప్పులా కనిపించదు. ఒకమ్మాయి తాతగారి జబ్బు గురించి విశాఖ ఆసుపత్రికి ఇవ్వడానికి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాసుకొచ్చింది. అందులో ‘హి వాజ్ ఆన్ డయాలసిస్ ఫర్ టూ ఇయర్స్’ అని ఉంది. చదివిన డాక్టరుకు డయాలసిస్ ఆగిపోయిందనే అనిపిస్తుందని చెప్పాను. ‘అదేటి మాస్టారూ, తాత ఇంకా వెళ్తన్నారు కదా’ అంది. ఫర్ సరిగానే పడింది, క్రియే తాతను డయాలసిస్ మంచం మీంచి దించేసింది. ‘హి హాజ్ బీన్ ఆన్ డయాలసిస్ ఫర్ టూ ఇయర్స్’ అంటే ఇవాళ్టికీ నడుస్తోందని అర్థం. కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలిసిన ఉద్దానంలో ఈ తేడాను పరీక్ష మార్కులతో కొలవలేం.

ఆ వాక్యంలో ఇంకో సంగతి గమనించాలి, బీన్ తర్వాత ఐఎన్‌జీ లేదు. ఉండటం, తెలియడం, కలిగి ఉండటం, ఇవి చేసే పనులు కావు, స్థితులు. ‘ఆయన నాకు పదేళ్ల నుంచి తెలుసు’ అన్నదానికి ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’. ‘ఆరింటి నుంచి కరెంటు లేదు’ అన్నదానికి ‘దేర్ హాజ్ బీన్ నో కరెంట్ సిన్స్ సిక్స్ ఓక్లాక్’. పాఠంలో వీటిని చివర మినహాయింపులు అని చెప్పి దాటేస్తారు. నేను వీటికి రెండో పట్టిక వేస్తాను. ‘రెండు రోజుల నుంచి రాలేదు’ కూడా అందులోకే వస్తుంది, ‘హి హాజ్ నాట్ కమ్ ఫర్ టూ డేస్’.

పట్టిక పట్టుబడిందో లేదో ఖాళీలు పూరిస్తే తెలియదు. ‘టెన్ ఇయర్స్’ కనబడగానే ఫర్ రాయడం చూపుతో అయ్యే పని. పట్టిక మూయించి తెలుగులో అడగాలి. మీ అమ్మ ఎన్నాళ్ల నుంచి జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తున్నారు? ఈ బస్సు ఎప్పట్నుంచి తిరుగుతోంది? జవాబు ఇంగ్లిష్‌లో, నోటితో. అక్కడ ‘ఈజ్ గోయింగ్’ అని మొదలుపెట్టి మధ్యలో ఆగి తనే దిద్దుకున్న పిల్లకు పాఠం అందినట్టు. సాఫీగా ‘ఈజ్ గోయింగ్ ఫర్ టెన్ ఇయర్స్’ అనేసిన పిల్లకు ఆఖరి గడి ఒక్కటే అందింది, ఆమెతో రెండో గడి మళ్లీ చదివించాలి.

అలా అడుగుతుండగా ఒకబ్బాయి ‘ఐ విల్ కమ్ ఫ్రమ్ టుమారో’ అన్నాడు. క్లాసంతా ‘ఫ్రమ్ తప్పు’ అని అరిచింది. వాడిదే ఒప్పు. ఇంకా మొదలుకాని పనికి, సోమవారం నుంచి శుక్రవారం దాకా అని రెండు కొసలూ చెప్పేటప్పుడు, టెక్కలి నుంచి అని ఊరు చెప్పేటప్పుడు ఫ్రమ్ ఉండాల్సిందే. అప్పటికప్పుడు పట్టిక కింద మరో వరస గీసి, ‘రేపటి నుంచి’ అని తెలుగులో తలకట్టు రాసి, వాడి వాక్యాన్నే మొదటి గడిలో పెట్టాను.