మెడ నుంచి చంక దాకా: రాగ్లాన్ స్వెట్టర్ లెక్క

పొందూరు ఖద్దరు మగ్గం మీద బల్లపరుపు బట్టగా దిగుతుంది. దానికి భుజం, చంక, చెయ్యి ఏర్పడేది దర్జీ కత్తెర పడ్డాకనే. ఊలు స్వెట్టర్ పద్ధతి అందుకు భిన్నం. అందులో కత్తిరింపు ఉండదు కనుక, దుస్తు ఆకారమంతా సూది మీద ఎన్ని కుట్లు ఉన్నాయి, అవి ఏ వరసలో ఎన్ని పెరిగాయి అన్న లెక్క నుంచే పుట్టాలి. ఈ లెక్క అతి స్పష్టంగా కనిపించేది మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్ స్వెట్టర్‌లో. మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా దిగే నాలుగు గీతలు దీని గుర్తు. వాటర్లూ యుద్ధంలో, 1815లో, కుడి చెయ్యి కోల్పోయిన లార్డ్ రాగ్లాన్ పేరు మీదుగా ఈ చేతుల తీరు వాడుకలోకి వచ్చింది. దీన్ని పైనుంచి అల్లే విధానాన్ని అమెరికా రచయిత్రి బార్బరా వాకర్ 1972లో వెలువడిన తన పుస్తకంలో విపులంగా బోధించారు.

లెక్కకు పునాది గేజ్, అంటే పది సెంటీమీటర్లలో పట్టే కుట్ల, వరసల సంఖ్య. నమూనా ముక్కను అల్లి, ఉతికి, ఆరబెట్టిన తరువాతే దీన్ని కొలవాలి. ఎందుకంటే ఊలు నీటిలో సాగుతుంది. ఇరవై కుట్లు పడతాయనుకున్నచోట నిజానికి పద్దెనిమిదే పడితే, 96 సెం.మీ. ఛాతీకి వేసిన 192 కుట్లు సుమారు 107 సెం.మీ. చుట్టుకొలతకు వ్యాపిస్తాయి.

పది సెంటీమీటర్లకు 20 కుట్లు, 28 వరసలు పడే ఊలుతో, 96 సెం.మీ. ఛాతీ, 36 సెం.మీ. జబ్బ చుట్టుకొలత ఉన్న స్వెట్టర్ అల్లాలనుకుందాం. ఛాతీకి 192 కుట్లు, జబ్బకు 72 కుట్లు కావాలి. ప్రతి చంక కింద 8 కుట్లు కొత్తగా చేరతాయి కనుక, వాటిని ముందే తీసివేస్తే ముందు భాగానికి 88, వెనక భాగానికి 88, ఒక్కొక్క చేతికి 64 మిగులుతాయి. మెడ దగ్గర ముందు, వెనక 32 చొప్పున, చేతులకు 8 చొప్పున, మొత్తం 80 కుట్లతో ప్రారంభిస్తే, ప్రతి భాగమూ 56 కుట్లు పెరగాలి. పెంపు వరసలో నాలుగు గీతలకూ రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున ఎనిమిది కుట్లు పెరుగుతాయి, అంటే ఒక్కో భాగానికి రెండు; కాబట్టి 28 పెంపు వరసలు కావాలి. ఒక వరస పెంచి, మరొకటి మామూలుగా అల్లితే 56 వరసలవుతాయి, అంటే 20 సెం.మీ. లోతు. ఈ కొలతకు అది చక్కగా సరిపోతుంది.

అయితే ఈ పొంతన అన్ని కొలతలకూ కుదరదు. ఒంటి వెడల్పు పెరిగినంతగా భుజం నుంచి చంకకు ఉండే లోతు పెరగదు. ఛాతీ 116 సెం.మీ., జబ్బ 40 సెం.మీ. అయి, మెడ కుట్లు అవే ఉండి, చంక కింద 10 కుట్లు చేర్చితే, ఒంటికి 37 పెంపులు, చేతికి 31 మాత్రమే కావాలి. రెండు వరసలకొక పెంపు చొప్పున వెళితే 74 వరసలు, అంటే 26 సెం.మీ. పైన లోతు వచ్చి, చంక కింద బట్ట ముడతలు పడి వేలాడుతుంది. 64 వరసలలోనే, అంటే 23 సెం.మీ. లోపే ముగించాలంటే, చేతులను రెండు వరసలకొకసారి చొప్పున 31 సార్లే పెంచుతూ, ముందు వెనక భాగాలకు మాత్రం మధ్యలో వచ్చే మామూలు వరసలలో అయిదుచోట్ల అదనంగా పెంపు వెయ్యాలి. ఆ అయిదింటినీ ఒకే చోట గుమిగూడిస్తే గీత వంకర తిరుగుతుంది. కనుక వాటిని దూరదూరంగా వెయ్యడం మేలు.

లోతు కుదిరాక చేతుల కుట్లను పక్కకు తీయాలి. మొద్దు సూదికి వేరే రంగు దారం ఎక్కించి, చేతి 64 కుట్లలోనూ దూర్చి, ముడి వేసి వదిలేస్తారు. ఆ ఖాళీ మీదుగా సూదికి 8 కొత్త కుట్లు వేసి, ముందు భాగాన్ని వెనక భాగంతో కలిపితే 192 కుట్ల ఒంటి గొట్టం తయారవుతుంది. చేతులు విడివడిన ఈ దశలోనే స్వెట్టర్‌ను ఒంటికి తొడిగి చూడవచ్చు. చంకలో బిగుసుకుంటే మరికొన్ని వరసలు చేర్చడానికి, వదులైతే విప్పడానికి పోయేది కొద్ది పనే. తరువాత చేతి కుట్లను తిరిగి సూదికెక్కించి, చంక అంచు నుంచి 8 కుట్లు ఎత్తితే 72 పూర్తవుతాయి. రెండు మూలలలో చిల్లులు పడటం సహజం. అక్కడ ఒక్కొక్క కుట్టు అదనంగా ఎత్తి, మరుసటి వరసలో పక్క కుట్టుతో కలిపి అల్లితే అవి మూసుకుంటాయి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది: ముందు, వెనక మెడ ఒకే ఎత్తులో మొదలైతే ముందు అంచు గొంతుకు ఒత్తుకుంటుంది, కాబట్టి వెనక భాగానికి మాత్రమే కొన్ని కురచ వరసలు, అంటే మధ్యలోనే వెనక్కి తిరిగే వరసలు, అదనంగా అల్లాలి. దీని అసలైన విలువ మాత్రం దుస్తు పూర్తయ్యాకే తెలుస్తుంది. చేతులు పైనుంచి కిందికి అల్లినవి కనుక, ఎదిగే పిల్లల స్వెట్టర్‌కు మణికట్టు అంచు విప్పి, అక్కడి నుంచే మరికొన్ని వరసలు కలిపి పొడుగు చెయ్యవచ్చు. భుజాన్ని గానీ చంకను గానీ తాకనక్కరలేదు.