మెర్సీ తర్వాత ఏం రాయాలి?

ఫ్రెంచ్ ఆఫీసుల్లో ప్రాజెక్టు ముగిశాక బృందానికి వెళ్లే ధన్యవాదాల మెయిల్‌కు ఒక అరిగిపోయిన అచ్చు ఉంది. ‘మెర్సీ పూర్ వోత్ర్ త్రవాయ్’, అంటే మీ పనికి ధన్యవాదాలు. ఆ వెంటనే మీ అంకితభావానికి, మీ సహకారానికి. తప్పు పట్టడానికేమీ లేదు, కానీ అదే మెయిల్ పక్క బృందానికి పంపినా ఎవరూ పోల్చుకోలేరు.

దీనికి మందు ఫ్రెంచ్ వ్యాకరణంలోనే ఉంది. ‘మెర్సీ పూర్’ తర్వాత నామవాచకం వస్తుంది, అందుకే అక్కడ గంభీరమైన మాటలు ఊరికే వచ్చి కూర్చుంటాయి. ‘మెర్సీ దవ్వార్’ అని మొదలుపెడితే మాత్రం అయిపోయిన పనిని చెప్పే క్రియ రాయక తప్పదు. ఏం చేశారో గుర్తులేనివాడి కలం అక్కడే ఆగిపోతుంది.

లియాన్‌లో ఒక గ్రంథాలయం తన కేటలాగును కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చిందనుకుందాం. శనివారం రాత్రి చూస్తే కొన్ని పుస్తకాల బార్‌కోడ్‌లు వేరే పుస్తకాలను చూపిస్తున్నాయి. ఇద్దరు అరల దగ్గర నిలబడి ఒక్కో లేబుల్‌నూ తెరతో పోల్చి సరిచేశారు. సోమవారం తలుపులు తెరిచేసరికి పాఠకులకు ఏ తేడా తెలియలేదు. మెయిల్‌లో రాయాల్సింది ఇదే: శనివారం రాత్రి లేబుళ్లు ఒక్కొక్కటిగా సరిచూసినందుకు, దానివల్ల సోమవారం కౌంటర్ దగ్గర వరుస ఆగనందుకు. పనీ, దాని ఫలితమూ ఒకే వాక్యంలో ఉంటే పొగడ్త వేరే అక్కర్లేదు.

ఇక్కడ ఒక గోతి ఉంది. ‘మెర్సీ దవ్వార్ రలు’ అంటే మళ్లీ చదివి చూసినందుకు ధన్యవాదాలు. మధ్యలోని ‘అవ్వార్’ జారిపోయి ‘మెర్సీ ద రలీర్’ అయిందంటే, ఆఫీసు ఫ్రెంచ్‌లో అది ‘మళ్లీ చదివి పెట్టండి’ అనే మర్యాదపూర్వకమైన ఆదేశం! ప్రాజెక్టు అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకుంటున్నవాళ్లకు కొత్త పని అప్పజెప్పినట్టు. హైదరాబాద్ నుంచి ఫ్రెంచ్ క్లయింటుకు రాసేవాళ్లు ఈ ఒక్క క్రియను పంపేముందు మళ్లీ చూసుకోవడం మంచిది.

నువ్వు అనే ‘త్యు’ వాడాలా, మీరు అనే ‘వూ’ వాడాలా అన్న బెంగ మాత్రం వద్దు. పలువురిని ఉద్దేశించినప్పుడు ఎంత చనువున్నా ‘వూ’నే. ‘బోంజూర్ ఆ తూత్ ఎ ఆ తూస్’ అని స్త్రీలనూ పురుషులనూ కలిపి పలకరిస్తే చాలు.

అసలు చిక్కు పేర్లతో. ఏడుగురిలో నలుగురి పేర్లు రాస్తే మిగిలిన ముగ్గురు ముందు తమ పేరు కోసమే వెతుక్కుంటారు. రాస్తే అందరి పేర్లూ, ఒక్కొక్కరి పనితో సహా రాయాలి. లేదంటే పేర్లు వదిలేసి పనులు మాత్రమే చెప్పాలి. లేబుళ్లు సరిచూసింది ఎవరో ఆ బృందానికి తెలుసు. పై అధికారికి కాపీ పెడుతుంటే మాత్రం పేర్లుండాలి, ఆయనకు తెలియదు కాబట్టి.

చివర సంతకానికి ముందు అలవాటుగా పడే ‘కోర్దియాల్మాఁ’ బిల్లు పంపే మెయిల్‌కూ సరిపోతుంది. ఇంత చెప్పాక ‘షాలొరూజ్మాఁ’ అని ఆత్మీయంగా ముగించవచ్చు.