‘ఇ’ ముందు, ‘ఆఁ’ వెనక

“బజారుకి వెళ్ళావా?” అని అడిగితే మనం “వెళ్ళాను” అంటాం. ఎక్కడికి అన్నది మళ్ళీ చెప్పం. “ఇంట్లో యాపిల్స్ ఎన్నున్నాయి?” అంటే “మూడున్నాయి”. ఫ్రెంచిలో ఈ వెసులుబాటు లేదు. చెప్పకుండా వదిలేసిన మాట చోట ఏదో ఒక చిన్న సర్వనామం నిలబడి తీరాలి. ఆ పని చేసేవాటిలో తెలుగువాళ్ళు ఎక్కువగా మరిచిపోయేవి రెండు: ‘ఇ’, ‘ఆఁ’.

ఏది ఎప్పుడు రావాలో నామవాచకాన్ని చూస్తే తేలదు, దాని ముందున్న విభక్తిని చూడాలి. ఫ్రెంచిలో విభక్తి పేరుకు ముందు వస్తుంది. మన ‘కి’, ‘లో’లకు దగ్గరగా ఉండే ‘ఆ’ ఉంటే, అది చోటో వస్తువో అయితే ‘ఇ’ వాడతారు. ‘లోపల’, ‘మీద’ అనే అర్థాలిచ్చే విభక్తులతో చోటు చెప్పినా ‘ఇ’యే. ‘నుంచి’, ‘గురించి’ లాంటి అర్థాలిచ్చే ‘దు’ ఉంటే ‘ఆఁ’. “జు వే ఆ పారీ” అంటే పారిస్‌కి వెళ్తున్నాను. పారిస్ సంగతి ముందే వచ్చి ఉంటే “జీ వే” చాలు. ‘జు’, ‘ఇ’ కలిసిపోయి ‘జీ’ అయ్యాయి. “జు పార్ల్ దు సు ఫిల్మ్”, ఈ సినిమా గురించి మాట్లాడుతున్నాను, “జాఁ పార్ల్” అవుతుంది. అంటే ఈ బుల్లి మాటలు పేరును ఒక్కదాన్నే కాదు, విభక్తిని కూడా కడుపులో పెట్టుకుంటాయి.

మనుషుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆలోచించడానికి ఫ్రెంచిలో ‘దు’ కాక ‘ఆ’ వస్తుంది కాబట్టి, పరీక్ష గురించి ఆలోచిస్తుంటే “జీ పాఁస్” అనొచ్చు. అమ్మ గురించి అయితే అలా అనరు, ఈ క్రియతో “జు పాఁస్ ఆ ఎల్” అనాలి. కానీ లెక్క వచ్చేసరికి మనుషులైనా ‘ఆఁ’ పరిధిలోకే వస్తారు. అన్నదమ్ములు ఎంతమంది అంటే “జాఁ నే దో”, ఇద్దరున్నారు. ‘ఆఁ’ తర్వాత అచ్చు వస్తే మధ్యలో ఆ ‘న’ వినిపిస్తుంది.

ఈ లెక్కలోనే మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు. ‘ఆఁ’ వచ్చింది కదా అని సంఖ్యను తీసేస్తే “నాకు కొన్ని ఉన్నాయి” అనే అర్థం మిగులుతుంది. సంఖ్యను ఉంచి ‘ఆఁ’ను వదిలేస్తే వాక్యం కుంటుతుంది. మన “మూడున్నాయి”ని ఉన్నదున్నట్టు దింపితే జరిగేది ఇదే. వాక్యం చివర సంఖ్య ఉండి దాని వెనక పేరు లేకపోతే, క్రియ ముందు ‘ఆఁ’ ఉందో లేదో వెతకండి.

రెండు సర్వనామాలు ఒకేచోట పడితే ఎవరు ముందు? క్రియ ముందు వరుస ఇలా ఉంటుంది: మొదట ము, తు, సు, ను, వు, తర్వాత లు, లా, లే, ఆ వెనక లుయి, లర్, వాటి తర్వాత ‘ఇ’, అందరికన్నా చివర ‘ఆఁ’. ఇంత వరుస చూసి బెదరక్కర్లేదు, మాటల్లో రెండుకి మించి అరుదు. చివరి రెండింటి క్రమానికి ఫ్రెంచి బడిపిల్లలకు గాడిద ఓండ్ర గుర్తు. అక్కడి గాడిద “ఇ-ఆఁ” అని అరుస్తుంది మరి! “అవి ఉన్నాయి” అనడానికి వాడే “ఇల్ ఇ ఆఁ నా”లో ఆ అరుపే వినిపిస్తుంది.

ఒక వాక్యం తీసుకుందాం: “పోల్ ఆ దొనే త్రువా పోమ్ ఆ సే జాఁఫాఁ”. పోల్ పిల్లలకి మూడు యాపిల్స్ ఇచ్చాడు. పిల్లలు మనుషులు, పైగా బహువచనం, కాబట్టి ‘లర్’. యాపిల్స్‌కి లెక్క ఉంది, కాబట్టి ‘ఆఁ’. ‘త్రువా’ అనే మూడు కదలదు. వరుసలో ‘లర్’ ముందు, ‘ఆఁ’ వెనక, రెండూ సహాయక క్రియ ‘ఆ’కి ముందు: “పోల్ లర్ ఆఁ నా దొనే త్రువా”. మూల వాక్యంలో యాపిల్స్ ముందొచ్చాయి, పిల్లలు తర్వాత. సర్వనామాల్లో అది తిరగబడింది. పేర్ల క్రమాన్ని పట్టుకుని వెళ్తే తప్పు ఖాయం. అదే, ‘వెళ్ళాలని ఉంది’ లాంటి రెండు క్రియల వాక్యమైతే సర్వనామం రెండో క్రియకు అతుక్కుంటుంది: “జు వో ఇ ఆలే”.

నియమం ఒప్పుకున్నా చెవి ఒప్పుకోని చోట్లూ ఉన్నాయి. “నేను అక్కడికి వెళ్తాను” అని భవిష్యత్తులో చెప్పాలంటే ‘ఇ’ పక్కనే మరో ‘ఇ’ పడుతుంది, అందుకని మొదటిదాన్ని వదిలేసి “జిరే” అంటారు. ‘వెళ్ళు’ అని ఆజ్ఞాపించే ‘వా’కి ‘ఇ’ చేరితే నోరు తిరగడానికి మధ్యలో ‘జ’ లాంటి ధ్వని దూరి “వాజీ” అవుతుంది.

ఆజ్ఞలో, అదీ ‘వద్దు’ అననప్పుడు, సర్వనామాలు క్రియ వెనక్కి పోతాయి. ‘అది నాకివ్వు’ అంటే “దొన్ లు మువా”. నాకు అనే మాట చివరికి చేరింది. ‘నాకు కొంచెం ఇవ్వు’కి వ్యాకరణం చెప్పేది “దొన్ మాఁ”. ఇళ్ళల్లో మాత్రం “దొన్ మువా జాఁ” అనేవాళ్ళు కొందరున్నారు. పంతుళ్ళు దిద్దుతూనే ఉంటారు, వాళ్ళు అంటూనే ఉంటారు.