నిలువు వీడియోలో మూడో వంతు

మేనకోడలి పెళ్లయిన నెలకి అక్క ఓ పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. "ఒరేయ్, చుట్టాల ఫోన్లలోవన్నీ ఇందులో వేయించాను. టీవీలో చూసుకునేట్టు ఒక్కటిగా అతికించిపెట్టు" అంది. అందరి ఫోన్లూ ఒకటి కాదు, పట్టుకున్న తీరూ ఒకటి కాదు. బావగారు అడ్డంగా తీశారు, పిన్ని నిలువుగా తీసింది. పెద్దనాన్నగారి క్లిప్ వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి మాసిపోయి వచ్చింది.

టీవీ కోసం కాబట్టి టైమ్‌లైన్ 1920x1080 పెట్టుకున్నాను. బావగారి క్లిప్పులు చక్కగా కూర్చున్నాయి. పిన్ని క్లిప్ వేసేసరికి తెర మధ్యలో సన్నటి పట్టీ, అటూ ఇటూ చీకటి. నిలువు వీడియో ఎత్తు 1080కి కుదించుకుంటే వెడల్పు 608 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 1300 పైచిలుకు పిక్సెళ్లూ నల్లపట్టీలే.

ఆ నలుపు చూడగానే చాలామంది చేసే పని, మూలలు పట్టి బొమ్మను అడ్డంగా సాగదీయడం. మనుషులు లావెక్కినట్టు కనిపించినా పెళ్లి భోజనాల మీదకు నెట్టేయొచ్చుగానీ, తాంబూలం పళ్లెం అబద్ధమాడదు. గుండ్రంగా ఉండాల్సిన పళ్లెం, గాజు, బొట్టు కోలగా కనిపిస్తే బొమ్మ సాగినట్టే. ఒక్కోసారి మనం సాగదీయకపోయినా సాఫ్ట్‌వేరే ఆ పని చేస్తుంది. నేను వాడే డావించి రిజాల్వ్‌లో కొలత కుదరని క్లిప్పుల్ని ఏం చేయాలో `Mismatched resolution files` అనే చోట చెప్పాలి. అక్కడ `Stretch frame to all corners` ఉంటే మార్చేసి, `Scale entire image to fit` పెట్టండి. ముందు బొమ్మ మొత్తం కనబడాలి. ఏది కొయ్యాలో ఆ తర్వాత క్లిప్ క్లిప్‌కీ చూసుకుందాం.

ఈ కోత మనకు కొత్త కాదు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అలాంటి వెడల్పాటి బొమ్మను పాతకాలపు టీవీ డబ్బాలో నిండుగా చూపాలంటే సగానికి కాస్త ఎక్కువే మిగిలేది. రెండు చివర్ల నిలబడి మాట్లాడుకునే పాత్రల్లో ఎవర్ని చూపాలో ఎవరో ఒకరు కూర్చుని షాటు షాటుకీ తేల్చాలి. ఇప్పుడు ఆ కుర్చీలో మనం కూర్చున్నాం. తేడా ఏమిటంటే, వాళ్లకు పక్కలు పోయేవి, మనకు పైనా కిందా పోతాయి.

ఎంత పోతుందో తెలుసుకోవాలి. నిలువు క్లిప్‌ను తెర వెడల్పంతా నింపితే దాని ఎత్తు 3413 అవుతుంది. తెరకు పట్టేది 1080. అంటే మూడో వంతు కంటే కొంచెం తక్కువే మిగులుతుంది. కాబట్టి ప్రతి నిలువు క్లిప్‌నూ ఒకే ప్రశ్న అడగాలి: అసలు విషయం మూడో వంతులో పడుతుందా?

పిన్ని తీసిన తలంబ్రాలనే తీసుకుందాం. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఎదురెదురుగా కూర్చున్నారు. ముఖాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి, మూడో వంతులో హాయిగా పట్టాయి. ఇన్‌స్పెక్టర్‌లో ఆ క్లిప్ `Scaling` ను `Fill` చేసి, పైకీ కిందకీ జరిపి ముఖాల దగ్గర నిలిపాను. చిక్కల్లా దోసిళ్లు తల మీదకి లేచినప్పుడు వచ్చింది. చేతులు తెర దాటిపోయాయి, బియ్యం ఎక్కడినుంచో ఊడిపడినట్టుంది. అక్కడ రెండు కీఫ్రేములు పెట్టి, ఒక సెకను వ్యవధిలో బొమ్మను కిందికి దించాను. అప్పుడు పైభాగం తెరలోకి వస్తుంది. మొదటి ప్రయత్నంలో చేతుల్ని వెంటాడుతూ జరిపితే చూసేవాళ్లకు కళ్లు తిరిగేలా తయారైంది. దోసిలి లేవడానికి రవంత ముందే కదలిక మొదలుపెట్టి, చేతులు పైకి చేరేసరికి ఆపేస్తే కెమెరా పట్టుకున్న మనిషే తల ఎత్తినట్టు సహజంగా ఉంది.

అది సాధ్యమైంది పిన్ని ఫోన్ 4Kలో తీసింది కాబట్టి. ఆ క్లిప్ వెడల్పు 2160. తెర నింపడానికి పెంచక్కర్లేదు, ఇంకా కాస్త తగ్గించాలి. వెడల్పు 1080 ఉన్న క్లిప్ అయితే 178 శాతానికి పెరిగి కొద్దిగా మెత్తబడుతుంది, పరవాలేదనిపిస్తుంది. పెద్దనాన్నగారి వాట్సాప్ క్లిప్ వెడల్పు 480. నాలుగింతలు పెంచితే పూలదండ పెసరపిండి ముద్దలా తేలింది. ఇలాంటిదాన్ని నింపాలనే ఆలోచన మానుకోవాలి.

మరి దాన్ని పారేయాలా? మాంగల్యధారణ దగ్గర దారి దొరికింది. ఆ క్షణాన్ని పిన్ని, పెద్దనాన్న, పెళ్లికొడుకు తరఫు కుర్రాడొకడు ముగ్గురూ నిలువుగానే తీశారు. 1920ని మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 640. తెరకు సరిపెట్టిన నిలువు క్లిప్ వెడల్పు ఎటూ 608 ఉంది. `Zoom` 1.054 చేస్తే 640 అవుతుంది. పైన 29, కింద 29 పిక్సెళ్లు తెర బయటికి పోతాయి, అంతే నష్టం. `Position X` ఒకదానికి -640, ఒకదానికి 0, మూడోదానికి 640. నిలువు వీడియోలు మూడు పక్కపక్కన పెడితే అడ్డం తెర దాదాపు కొలిచి కుట్టినట్టు నిండుతుంది! పెద్దనాన్నగారి క్లిప్ కూడా ఇక్కడ నాలుగింతలు కాదు, మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. దాని మాపు పెద్దగా తెలియదు.

మూడింటినీ ఒకే క్షణానికి కలపడానికి గట్టిమేళం ఆదుకుంది. డోలు తొలి దెబ్బ మూడు క్లిప్పుల శబ్దంలోనూ ఒక్కసారిగా లేస్తుంది. ఆ లేచిన చోట్లను ఒకే గీతకు తెచ్చి, ఒక్క క్లిప్ శబ్దం ఉంచి తక్కిన రెండూ మూసేశాను.

ఇక అరుంధతీ దర్శనం. కింద వధూవరులు, పైన ఆకాశం, మధ్యలో పంతులుగారి చూపుడువేలు. తీసిందేమో ఒక్కరే. మూడో వంతులో పట్టదు, పక్కన పెట్టడానికి తోడూ లేదు. ఇలాంటప్పుడే న్యూస్ ఛానళ్లు రోజూ వాడే ఉపాయం పనికొస్తుంది. అదే క్లిప్ నకలు కింది ట్రాక్‌లో తెర నిండా పెంచి, మసక చేసి, దాని మీద అసలు క్లిప్ నిలబెట్టడం. వాళ్లు ప్రతి నిలువు వీడియోకీ ఇదే మందు పూస్తారు, నాకది నచ్చదు. మసకలో కూడా పెద్ద పెద్ద చేతులు దయ్యాల్లా కదులుతూ చూపు లాగేస్తుంటాయి. అందుకే నకలు బదులు బావగారు అడ్డంగా తీసిన మంటపం క్లిప్‌లోంచి ఒక నిశ్చల చిత్రం తీసి, అందులో ముఖాలు ఆనవాలు పట్టలేనంత మసక చేసి, వెలుతురు సగానికి తగ్గించి వెనక వేశాను. బంతిపూల రంగు మాత్రం మిగిలింది. కదలకపోవడంతో చూపు వేలి మీదే నిలిచింది.

ఇంకో జాగ్రత్త ఉంది. తెర నిండిన షాటు, మసక పక్కల షాటు, మళ్లీ నిండిన షాటు ఇలా మార్చి మార్చి వేస్తే కిటికీ తలుపు తీస్తూ మూస్తున్నట్టుంటుంది. మసక పక్కల క్లిప్పులు నాలుగుంటే నాలుగూ ఒకచోట చేర్చడం మేలు. నాకు చివరికి మిగిలినవి రెండే.

ఈసారి పెళ్లికి వెళ్తే ఫోన్ అడ్డంగా పట్టుకోండి. నిలువుగానే తీస్తానంటే 4Kలో తీయండి. పంపేటప్పుడు మాత్రం వాట్సాప్‌లో వీడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. తీసిన కొలత తీసినట్టే చేరుతుంది.