టీచరమ్మ రాసుకున్న వీడ్కోలు

ఆ కాగితం రూళ్ల పుస్తకంలోంచి చింపిన అరఠావు. ఒకవైపు కొట్టివేతలతో నిండిపోయిన చిత్తు. రెండోవైపు పెద్ద అక్షరాలతో పదీపన్నెండు పంక్తులు, మధ్యలో కావాలనే వదిలిన ఖాళీలు. నెల్లూరు జిల్లాలో, మైపాడుకు ఎగువనున్న ఒక పట్టపుపాళెంలో చాలాకాలం ప్రాథమిక పాఠశాల నడిపిన టీచరమ్మ 62 ఏళ్లు నిండి దిగిపోతూ, పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపుకి పంపిన వాయిస్ మెసేజీకి రాసుకున్న కాగితమది. మెసేజీ నిడివి నిమిషన్నర లోపే. వింటే అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పినట్టుంటుంది. కాగితం చూశాక గాని ఆ సహజత్వం వెనక ఎంత పనితనం ఉందో తెలియదు.

రాసి మాట్లాడటం మనకు కొత్త కాదు. ఆకాశవాణిలో ప్రసంగం చెయ్యాలంటే ప్రతి ముందే రాసి ఇవ్వాలి. అయితే రేడియో ప్రసంగం చదువుతున్నదే అని శ్రోతకు తెలుసు, ఆ మేరకు మన్నిస్తాడు. ఫోన్లో వచ్చే గొంతుకు ఆ మన్నింపు లేదు. మన మనిషి మనతో మాట్లాడుతూ కాగితం చూస్తోందని తెలిస్తే ఎదుటివాళ్ల మనసు అక్కడే వెనక్కి తగ్గుతుంది. ఈ పాళెంలో తల్లులు చాలామంది చదవడం కంటే వినడానికే అలవాటుపడ్డవాళ్లు, అందులో కొందరు ఈ టీచరమ్మ దగ్గరే పలక పట్టినవాళ్లు. వాళ్లకు ఆమె గొంతు బాగా తెలుసు. కాబట్టి అతుకు పడితే ఇట్టే పట్టేస్తారు.

చిత్తులో మొదటి వాక్యం ఇలా ఉంది: “ఈ పాఠశాలలో సుదీర్ఘకాలం సేవలందించి నేడు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా మీ అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను.” దీన్నంతా అడ్డంగా కొట్టేసింది. రెండోవైపు దాని స్థానంలో ఉన్నది ఇది:

“అమ్మాయిలూ, నేనే, టీచర్ని.
పనిలో ఉండారేమో, చేతులు కడుక్కోని ఇనండి, తొందరేం లేదు.
ఈ నెలాఖరుకి అయిపోయింది నా ఉద్యోగం.”

మొదటి పంక్తిలో విషయమేమీ లేదు. అది కావాలనే అలా పెట్టింది. మైకు గుర్తు నొక్కీనొక్కగానే మాట మొదలుపెడితే తొలి అక్షరం తెగిపోతుంటుంది. పోయినా నష్టంలేని మాట ముందుండాలి. పైగా వినేవాళ్ల చెవి గొంతుకు అలవాటు పడటానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. విషయం మూడో పంక్తికి గాని రాదు.

ఆ మూడో పంక్తి అల్లిక చూడండి. రాతలో అయితే “నా ఉద్యోగం ఈ నెలాఖరుకి అయిపోయింది” అంటాం, క్రియను చివర నిలబెడతాం. మాట్లాడేటప్పుడు క్రియ ముందే జారిపోతుంది, మర్చిపోయినదేదో వెనకనుంచి వచ్చి కలుస్తుంది. “చూశా మొన్న మీవాణ్ణి, బస్టాండు కాడ” అన్నట్టు. తెలుగులో రాసిన మాటకూ మాట్లాడిన మాటకూ ప్రధానమైన తేడా యాసలో కన్నా ఈ వరసలోనే ఉంది. యాసను మాత్రం దించి, వాక్యాలన్నీ క్రియతోనే ముగిస్తే అది నాటకంలో డైలాగులా వినిపిస్తుంది. కావలివాడైన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదువుతుంటే పక్కన కూర్చుని చెబుతున్నట్టుండటానికి నెల్లూరు మాటలొక్కటే కారణం కాదు. వాక్యం నడక కూడా నోటిదే. టీచరమ్మ ప్రతి వాక్యాన్నీ ఇలా తిప్పలేదు. నాలుగైదు పంక్తులకు ఒకటి తిప్పింది. అన్నీ తిప్పితే అదొక బాణీ అయిపోతుంది.

అన్నిటికంటే మెచ్చుకోవలసింది కాగితం మధ్యభాగం. అక్కడ వాక్యాలు లేవు, ఎడంగా మూడే మాటలు: “తుపాను – బడి – అన్నం.” 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరు జిల్లాను వానతో ముంచెత్తింది. ఆ రాత్రి పాళెంలో ఇళ్లు వదిలినవాళ్లు బడిలో చేరారు, అక్కడే పొయ్యి పెట్టి అన్నం వండారు. ఈ సంగతిని ఆమె చిత్తులో పూర్తిగా రాసింది. “అంటే”, “అదే మరి”, “ఏందంటే” లాంటి తడబాట్లు కూడా అక్కడక్కడా చేర్చింది. తర్వాత మొత్తం కొట్టేసి మూడు మాటలు మిగిల్చింది.

ఇదే ఈ పనిలో రహస్యం. రాసిపెట్టిన తడబాటు అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే దాని తర్వాత వచ్చే మాట ఏమాత్రం వెతుక్కోకుండా వస్తుంది. నిజమైన తడబాటులో వెతుకులాట ఉంటుంది. టీచరమ్మ చివరికి తడబాటును కాగితం మీద ఉంచలేదు, తడబడటానికి చోటు వదిలింది. రికార్డులో ఆ భాగానికి వచ్చేసరికి “బియ్యం ఎవురు తెచ్చారబ్బా... ఆఁ, పడవ సంగం వాళ్లు” అని ఆగి గుర్తు తెచ్చుకుంటుంది. ఆ మాటలు కాగితం మీద ఎక్కడా లేవు. తనకు మరపురాదని నమ్మకమున్నదాన్ని రాయకుండా వదిలేసింది. గొంతు పట్టేస్తే చేజారిపోయేదాన్ని మాత్రం అక్షరం అక్షరం రాసుకుంది:

“మీ బిడ్డల్లో మీరే కనపడతారు నాకు, చిన్నప్పుడెట్టుండారో అట్నే.
చెప్పాలనుకున్నా ఎప్పట్నుంచో, ఈ మాట.

కొత్త టీచరు సోమారం వస్తారు. పిల్లోళ్లకి తలకి నూనె పెట్టి పంపండి.”

బరువైన వాక్యం వెనకే నూనె మాట పెట్టడం యాదృచ్ఛికం కాదు. వీడ్కోలులో గొంతు తడబడేది పెద్ద మాట చెప్పేటప్పుడు కాదు, చెప్పిన తర్వాత. అక్కడ ఇంకో పెద్ద మాట ఉంటే మనిషి నిలవలేదు. పని చెప్పే మాట ఉంటే గొంతు రోజూ నడిచే దారిలో పడుతుంది. మధ్యలో వదిలిన ఖాళీ పంక్తి ఊపిరికి. ఒక్కో పంక్తి ఒక్క ఊపిరికి సరిపోయేటట్టు విరిచింది, ఎక్కడ ఆగాలో కామాల కంటే పంక్తులే చెబుతున్నాయి.

చివరి రికార్డు ఆమె కాగితం చూస్తూ చెయ్యలేదు. గొంతెత్తి కొన్నిసార్లు చదువుకుని, నాలుక తిరగనిచోట మాట మార్చి, కాగితం బోర్లించి మాట్లాడింది. చూసి చదివితే ప్రతి పంక్తి చివరా గొంతు ఒకే మెట్టుకి దిగుతుంది, వేగం ఎక్కడా మారదు. వినేవాళ్లు పట్టేది దాన్నే. ఫోనును సముద్రపు గాలికి దూరంగా, తలుపేసిన గదిలో పెట్టుకుంది. మైకుకు గాలి తగిలితే గుర్రుమనే మోతలో మెల్లగా పలికిన మాటలే ముందు పోతాయి. పంపేముందు ఒకసారి విని చూసుకుంది, దిద్దుకోవడానికి కాదు, వాక్యం మధ్యలో తెగలేదు కదా అని.

ఈ పద్ధతి అందరికీ సరిపడదు. మధ్యభాగం వదిలెయ్యాలంటే జ్ఞాపకంలో ఆ సంఘటన గట్టిగా ఉండాలి. అది లేనివాళ్లు మూడు మాటల దగ్గర నిజంగానే ఆగిపోతారు, లేదా ఎటో వెళ్లిపోయి పదినిమిషాలు మాట్లాడతారు. దుఃఖం మరీ పచ్చిగా ఉన్నప్పుడు మొత్తం రాసుకుని చదవడమే మేలు. అప్పుడు చదివినట్టు వినిపించినా ఎవరూ తప్పు పట్టరు.

పని ఎంత బాగా కుదిరిందో గ్రూపులో వచ్చిన జవాబులు చెబుతాయి. “బాగా మాట్లాడారు టీచరమ్మా” అని ఒక్కరూ అనలేదు. ఒకావిడ, ఆ రాత్రి బియ్యం సంగం వాళ్లు తేలేదు, మా ఆయన తెచ్చాడని వాదానికి దిగింది. ఇంకొకావిడ, మావాడు నూనె పెట్టించుకోడు టీచరమ్మా, ఏం చెయ్యమంటారని అడిగింది. ప్రసంగాన్ని మెచ్చుకుంటారు, మాటకు బదులు చెబుతారు.