మధ్య బొమ్మలోనే ప్రాణం

మిల్ట్ కాల్ పేరెత్తితే నాకు పూనకమే. ‘ది రెస్క్యూయర్స్’ (1977)లో ఆయన గీసిన మెడూసా పాపతో కబుర్లాడుతూనే పెట్టుడు రెప్పవెంట్రుకలు పీకేసుకుంటుంది. వాటితోపాటు కనురెప్ప కూడా సాగి వస్తుంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు! నటన ప్రధానమైన ఇలాంటి షాట్‌కు ముఖ్యమైన భంగిమలు ముందే తేల్చుకోవాలనే పక్షం నాది. దీన్నే పోజ్-టు-పోజ్ అంటారు.

ఒక అవ్వ నులకమంచం మీంచి లేచే షాట్ తీసుకుందాం. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండు సెకన్లకు 48. ఒకటో ఫ్రేములో కూర్చుని ఉంది. 17లో ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులు ఆన్చింది. 41లో నిలబడింది. ఇవి కీ పోజులు. అసలు పరీక్ష 29లో గీసే మధ్య బొమ్మ, అంటే బ్రేక్‌డౌన్. రెండు పోజులకూ సరిగ్గా సగం గీస్తే అవ్వ లిఫ్టులో వచ్చినట్టు పైకి తేలుతుంది. నడుము మంచం వదిలినా తల ఇంకా కిందే, చేతులు మోకాళ్ల మీదే ఉంచి చూడండి: ఒంటి బరువు, మోకాళ్ల నొప్పి రెండూ కనిపిస్తాయి.

మరి ఆమె పైటకొంగు? దానికి కీ పోజులు పనికిరావు. భుజం కదలికంతా తేలాక, మొదటి ఫ్రేము నుంచి వరుసగా గీసుకుంటూ పోవాలి. ప్రతి బొమ్మ కిందటి దాన్నుంచే పుడుతుంది. భుజం 41లో ఆగినా కొంగు కొస 48 దాకా ఊగుతూనే ఉంటుంది. ఇది స్ట్రెయిట్-అహెడ్. మంటకూ పొగకూ నీటికీ ఇదే తగినది. అవ్వనే ఇలా గీస్తే బొమ్మ బొమ్మకూ పెరుగుతూనో తరుగుతూనో పోతుంది, నిలబడాల్సిన చోటు దాటిపోతుంది. మొదటి, చివరి కాగితాలు ఒకదానిమీదొకటి పెడితే దొరికిపోతుంది.

బొమ్మను చేత్తో కదిలిస్తూ ఫ్రేము ఫ్రేముకూ ఫొటో తీసే స్టాప్-మోషన్‌లో వేరే దారే లేదు. ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ (1963)లో ఏడు అస్థిపంజరాల పోరును రే హ్యారీహౌసెన్ ఒక్కడే నాలుగు నెలలకు పైగా కదిలించాడు. చెరిపి మళ్లీ గీసే వీల్లేని ఆ పనికి చేతులెత్తి మొక్కాల్సిందే!

ఇప్పుడేమో కంప్యూటర్‌లో రెండు పోజులు పెట్టి, మధ్యది యంత్రానికి వదిలేసి దాన్నే పోజ్-టు-పోజ్ అంటున్నారు. కాల్ పద్ధతికి ఎంత అవమానం! అనుమానముంటే పాత్ర ముక్కు కొస వెంట ఫ్రేముకో చుక్క పెట్టండి. తల వంపు తిరగాల్సిన చోట చుక్కలు తిన్నగా, సమాన దూరంలో పడ్డాయంటే అక్కడ ఆలోచించినవాడు లేడన్నమాట. బాబులూ, బ్రేక్‌డౌన్ మీ చేత్తో పెట్టేదాకా ఆ యంత్రపు పూరింపు ఆపి ఉంచండి. అవ్వ మోకాళ్ల నొప్పి దానికేం తెలుసు?